కేరళ లాటరీ టికెట్ తగిలితే – ముప్పై రోజుల్లో చేయవలసిన పనులు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లాటరీ అమ్మకాలపై నిషేధం ఉంది. అయినా శబరిమల యాత్రకు వెళ్ళిన వారో, బదిలీపై కేరళలో పనిచేస్తున్న మన సిబ్బంది కుటుంబాలో అక్కడి ప్రభుత్వ లాటరీ టికెట్ కొనడం మామూలే. దానికి బహుమతి వస్తే ఏం చేయాలో ముందే తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే ఆ కాగితానికి గడువు ఉంది, పోతే దానికి నకలు ఇవ్వరు.

మొదట నంబరు సరిచూడండి. టికెట్ మీద రెండు అక్షరాల సిరీస్, ఆరు అంకెల నంబరు ఉంటాయి. మొదటి బహుమతికి రెండూ కలవాలి. నంబరు కలిసి సిరీస్ వేరైతే వచ్చేది చిన్న మొత్తపు ఓదార్పు బహుమతి మాత్రమే. డ్రా తేదీ, లాటరీ పేరు కూడా చూడండి. నిన్నటి టికెట్‌ను నేటి ఫలితంతో పోల్చి సంబరపడటం తరచుగా జరిగే పొరపాటు. పత్రికలో చూసినా, ఫోనులో చూసినా తుది మాట కేరళ ప్రభుత్వ గెజిట్‌లో ప్రచురించిన ఫలితానిదే.

నంబరు కలిసిందని తేలగానే టికెట్ వెనుక పేరు, చిరునామా రాసి సంతకం చేయండి. సంతకం లేని టికెట్ బేరర్ చెక్కు లాంటిది. అది ఎవరి చేతిలో ఉంటే వారే యజమానిలా కనిపిస్తారు. తరువాత రెండు వైపులా జిరాక్స్ తీయించుకోండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. నంబరు, బార్‌కోడ్ బయటపడితే నకిలీ టికెట్ తయారు చేసేవారికి పని సులువవుతుంది. అసలు టికెట్‌ను మడవకుండా, లామినేషన్ చేయించకుండా, తడి తగలని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలోనో లాకర్‌లోనో ఉంచండి. బార్‌కోడ్ చిరిగినా, అంకెలు చెరిగినా చిక్కే.

ఇక గడువు. డ్రా తేదీ నుంచి ముప్పై రోజుల్లో టికెట్ అప్పగించాలి. ఫలితం మీరు చూసిన రోజు నుంచి కాదు. జనవరి 10న డ్రా జరిగిందనుకుందాం. యాత్ర ముగించుకుని ఇల్లు చేరిన ఒకాయన 25న ఫలితం చూశారు. ఆయనకు ఫిబ్రవరి 9 వరకే సమయం ఉంది, అంటే సగం గడువు అప్పటికే అయిపోయింది. ప్రయాణం, పత్రాలు, ధ్రువీకరణ అన్నీ ఆ మిగిలిన రోజుల్లోనే పూర్తి కావాలి.

ఎక్కడ ఇవ్వాలన్నది మొత్తాన్ని బట్టి ఉంటుంది. ఐదు వేల వరకు కేరళలోని ఏ లాటరీ దుకాణంలోనైనా ఇస్తారు. లక్ష వరకు జిల్లా లాటరీ కార్యాలయం. ఆపైన తిరువనంతపురంలోని లాటరీ డైరెక్టరేట్‌లో ఇవ్వాలి, లేదా జాతీయ బ్యాంకు శాఖ ద్వారా పంపవచ్చు. బ్యాంకు ద్వారా పంపితే సిరీస్, నంబరు, తేదీ రాసిన రసీదు తప్పక తీసుకోండి. దరఖాస్తుతో పాటు గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన టికెట్ జిరాక్స్, ఫొటోలు, గుర్తింపు పత్రం, పాన్, రెవెన్యూ స్టాంపు అంటించిన రసీదు జతచేయాలి. పొరుగు రాష్ట్రం వారైతే టికెట్ కేరళలోనే కొన్నట్టు చెప్పుకోవలసి రావచ్చు. అందుకని రైలు టికెట్, గది రసీదు పారేయకండి.

చేతికి వచ్చేదెంత? మొదటి బహుమతి కోటి రూపాయలు అనుకుందాం. ఏజెంటు కమీషన్ పది శాతం అనుకుంటే, అది పోగా 90 లక్షలు. దానిపై ముప్పై శాతం పన్ను, అంటే 27 లక్షలు, మూలంలోనే కోసుకుంటారు. ఖాతాలో పడేది 63 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి పన్నుపై పది శాతం సర్‌చార్జి, ఆ మొత్తంపై నాలుగు శాతం సెస్ కలిపి మరో 3,88,800 రూపాయలు మనమే కట్టాలి. దీన్ని రిటర్ను దాకా ఆపకుండా అడ్వాన్స్ పన్నుగా చెల్లించకపోతే వడ్డీ పడుతుంది. ఈ ఆదాయానికి 80సి వంటి మినహాయింపులేవీ వర్తించవు. అందుకే డబ్బు రాగానే నాలుగు లక్షలు పక్కన పెట్టి, ఆ తరువాతే ఇంటి బాకీల గురించి ఆలోచించడం క్షేమం.

చివరిగా ఒక గుర్తు. నిజమైన బహుమతికి పన్ను, కమీషన్ అందులోంచే కోస్తారు. “ముందు ప్రాసెసింగ్ ఫీజు పంపండి, ఆ తరువాత సొమ్ము జమ చేస్తాం” అని ఫోను వస్తే, అది కచ్చితంగా మోసం. టికెట్ కొనకుండా ఎవరికీ బహుమతి రాదు.