అవిశ్వసనీయ కథకుడు – పాఠకుని నమ్మకం

ఉత్తమ పురుషలో నడిచే కథలో పాఠకుడు లోకాన్ని కథకుని కళ్ళతోనే చూస్తాడు. ఆ కథకుడు తన్ను తాను మోసగించుకొనేవాడైతే అతని మాటను పూర్తిగా నమ్మలేము. అట్టివానిని ‘అవిశ్వసనీయ కథకుడు’ అంటారు. అయితే ప్రతి మాటా అబద్ధమే అయినప్పుడు పాఠకునికి నిలువడానికి ఆధారం ఉండదు. కనుక నేర్పరియైన రచయిత ఒక హద్దు గీస్తాడు. కథకుడు చూసినదీ, విన్నదీ చాలావరకు నిజం. దానికి అతడు చెప్పే అర్థమే అనుమానించదగినది.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టరు పార్వతీశం’లో కథానాయకుడు తన పొరపాట్లను దాచడు. అతని అమాయకత్వాన్ని పాఠకుడు అతనికంటె ముందే గుర్తించి నవ్వుకుంటాడు. ఇదే పద్ధతి విషాదానికి ఎట్లా ఉపకరిస్తుందో కజువో ఇషిగురో 1989లో ప్రచురించిన ‘ది రిమెయిన్స్ ఆఫ్ ద డే’ అనే ఆంగ్ల నవల తెలుపుతుంది.

ఈ నవలలోని కథకుడు స్టీవెన్స్. ఇంగ్లండులో ఒక ప్రభువు భవనంలో సేవకులందరికీ పెద్ద. మనసులోని బాధ పైకి కనపడనీయకపోవడమే తన వృత్తిధర్మమని అతని విశ్వాసం. 1923లో ఆ భవనంలో పెద్ద సమావేశం జరుగుతుండగా మేడమీద అతని తండ్రి మరణిస్తాడు. స్టీవెన్స్ క్రింద అతిథులకు మద్యం అందిస్తూనే ఉంటాడు. తనకు దుఃఖం కలిగిందని ఒక్క మాటైనా చెప్పడు. కాని ప్రభువు అతణ్ణి చూసి, ఏడుస్తున్నట్లున్నావేమని అడుగుతాడు. పని ఒత్తిడి అని స్టీవెన్స్ ముఖం తుడుచుకొంటాడు. కథకుడు దాచిన కన్నీటిని వేరొక పాత్ర మాట బయటపెట్టింది. ఆ మాటను మనకు చేరవేసినవాడు మళ్ళీ స్టీవెన్సే. అందుచేత అతని వ్యాఖ్యానాన్ని శంకించినా, అతని సాక్ష్యాన్ని విడిచిపెట్టలేము.

రెండవ ఉపాయం కథకుడు తన్ను తాను దిద్దుకోవడం. తనతో పనిచేసిన మిస్ కెంటన్ గది బయట నిలబడి, లోపల ఆమె ఏడుస్తున్నదని తాను భావించిన క్షణం స్టీవెన్స్‌కు గుర్తుంది. అది ఆమె పినతల్లి మరణవార్త విన్న రోజని మొదట చెబుతాడు. తరువాత తాను పొరబడి ఉండవచ్చునని, అది మరికొన్ని నెలలకు, ఆమె వేరొకరిని పెళ్ళాడడానికి అంగీకరించినట్లు తనకు తెలిపిన రాత్రి అని సవరిస్తాడు. ఆమె దుఃఖానికి తానే కారణం కావచ్చునన్న సత్యాన్ని అతని జ్ఞాపకం ఇన్నాళ్ళూ తప్పించుకున్నది.

ఈ ఉపాయాలు లేకుండా, ముఖ్య విషయాన్ని పూర్తిగా దాచి చివరి పుటలో బయటపెడితే పాఠకుడు వంచితుడైనట్లు భావిస్తాడు. కథను రెండవసారి చదివినప్పుడు ముందే సూచనలు కనబడితే అది శిల్పం, కనబడకపోతే వంచన.

నవల చివర మిస్ కెంటన్‌ను కలుసుకొన్నప్పుడు, తన గుండె పగిలిపోతున్నదని స్టీవెన్స్ ఒక్కసారి పాఠకునితో ఒప్పుకొంటాడు. అంతవరకు అతడు దాచిన తీరు తెలిసినందువల్లనే ఆ ఒక్క మాటను మనం సంపూర్ణంగా నమ్ముతాము.

ప్రశ్నలు
1. స్టీవెన్స్ దాచిన దుఃఖం పాఠకునికి ఎట్లా తెలిసింది?
2. అవిశ్వసనీయ కథనంలో శిల్పానికీ, వంచనకూ గల భేదాన్ని వివరించండి.