కంపెనీ అమ్మే యజమాని పక్కన కూర్చునే ఉద్యోగం

చిన్న కంపెనీని కొంటామని ప్రతిపాదన వచ్చిందంటే దాని వెనకే డ్యూ డిలిజెన్స్ చెక్‌లిస్ట్ వస్తుంది. పది పన్నెండు పేజీలు, అంతా ఇంగ్లిష్. కొనేవాళ్ల తరఫున ఏ లా ఫర్మో, ఏ పెద్ద ఆడిట్ సంస్థో తయారుచేసి పంపిస్తుంది. అమ్మే ఆయనేమో పాతికేళ్లుగా ఫ్యాక్టరీ నడిపిన మనిషి. మెషీన్ చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్పగలరు కానీ ఆ పేజీలు మాత్రం ఆయనకు కొరుకుడు పడవు. ఫైలును ఆడిటర్ గారికి ఫార్వర్డ్ చేస్తారు. ఆడిటర్ గారు దాన్ని ఆర్టికల్ అసిస్టెంట్‌కో, సీఎస్ ట్రైనీకో ఇచ్చి, "వెళ్లి ఆయనతో కూర్చుని ఒక్కో లైనూ చెప్పు, కాగితాలు తెప్పించు" అంటారు.

సీఏ, సీఎస్ చదువుతున్నవాళ్లకు, బీకాం, ఎంబీఏ ఫైనాన్స్, ఎల్‌ఎల్‌బీ చేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు ఇది అచ్చంగా చేతికొచ్చే పని. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని మధ్యతరహా సీఏ ఆఫీసుల్లో జరిగే పనే అయినా, ఎలా చేయాలో ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఇంగ్లిష్ వాక్యాన్ని తెలుగులో చదివి వినిపిస్తే సరిపోదు. ప్రతి లైను దగ్గరా యజమానికి మూడు సంగతులు చెప్పాలి: ఏ కాగితం అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారు, ఆ కాగితం లేకపోతే ఆయన చేతికొచ్చే డబ్బు ఏమవుతుంది. మూడోది తెలిసినప్పుడే యజమాని బీరువా తాళం తీస్తారు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. చర్లపల్లిలో అట్టపెట్టెలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. వాటాలన్నీ భార్యాభర్తల పేరునే ఉన్నాయి. 38 మంది కార్మికులు. పుణెలోని ప్యాకేజింగ్ సంస్థ ఒకటి వాటాలన్నీ కొంటామంటూ 12 కోట్ల ధర రాసింది.

చెక్‌లిస్ట్ కంటే ముందు ప్రతిపాదన లేఖ చదవండి. ధర రాసిన పేరాలో 'క్యాష్ ఫ్రీ, డెట్ ఫ్రీ' అన్న మాట ఉందేమో చూడండి. అది ఉంటే ఆ 12 కోట్లు వ్యాపారం మొత్తానికి కట్టిన విలువ. అందులోంచి అప్పులు తీసేసి, బ్యాంకులో ఉన్న నగదు కలిపాక మిగిలేదే వాటాల ధర. మన కంపెనీకి సీసీ ఖాతాలో 1.80 కోట్ల బాకీ ఉంది, నగదు 30 లక్షలు ఉంది. యజమాని సొంతంగా పెట్టిన అన్‌సెక్యూర్డ్ లోన్ మరో 70 లక్షలు. లెక్క చేస్తే వాటాలకు వచ్చేది 9.80 కోట్లు. ఆ 70 లక్షలు అప్పు తీర్చడం కింద ఆయనకే తిరిగి వస్తాయనుకోండి. అయినా ఆయన మనసులో ఉన్నది 12 కోట్లు, ఇంట్లో చెప్పిందీ 12 కోట్లే. ఈ సంగతి మొదటి రోజే కాగితం మీద వేసి చూపించాలి. అప్పుల కింద ఇంకేమేం కలుస్తాయో తేల్చేది చెక్‌లిస్టే గనక, ఇక్కణ్నుంచి ఆయనే శ్రద్ధగా వింటారు.

ఇక మొదటి అంశం: కంపెనీ ఆస్తుల మీద ఉన్న ఛార్జీల వివరాలు. బ్యాంకు అప్పిచ్చినప్పుడు మెషీన్లు, సరుకు తాకట్టు పెట్టుకున్నట్టు కార్పొరేట్ వ్యవహారాల శాఖ రికార్డుల్లో నమోదవుతుంది. మీరు ఎంసీఏ వెబ్‌సైట్‌లో చూశారు. సీసీ ఖాతా ఛార్జ్ కాక, 2011లో ఆంధ్రా బ్యాంకు ఇచ్చిన 60 లక్షల టర్మ్ లోన్ మీద ఛార్జ్ ఇంకా అలాగే కనిపిస్తోంది.

"అది 2016లోనే కట్టేశాం కదమ్మా. బ్యాంకువాళ్లు కాగితాలు కూడా ఇచ్చేశారు" అంటారాయన.

"కట్టేశారండీ, బ్యాలెన్స్ షీట్‌లో కూడా లేదు. కట్టేసినట్టు రిజిస్ట్రార్‌కు చెప్పే ఫారం ఒకటుంటుంది, CHG-4 అని. అది వేసినట్టు లేదు. కొనేవాళ్లకు కనిపించేది ఆ రికార్డే కదండీ. మెషీన్లు ఇంకా తాకట్టులోనే ఉన్నాయనుకుంటారు."

కంపెనీల చట్టం ప్రకారం అప్పు తీరిన 30 రోజుల్లో ఆ ఫారం వేయాలి. అదనపు రుసుము కడితే 300 రోజుల దాకా వీలుంది. అదీ దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని CHG-8 ద్వారా కేంద్ర ప్రభుత్వానికి దరఖాస్తు చేసుకోవాలి. దానికి బ్యాంకు నుంచి బాకీ లేదన్న లేఖ కావాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది కాబట్టి అడగాల్సింది యూనియన్ బ్యాంకును. పాత ఖాతా నంబరు, ముగింపు తేదీ ఉన్న స్టేట్‌మెంట్ దొరికితే పని తేలికవుతుంది. ఏం చేసినా వారంలో తెమిలే వ్యవహారం కాదు. అందుకే చెక్‌లిస్ట్‌లో ఈ అంశం ఏ నంబరులో ఉన్నా మీరు మాత్రం ముందు దీన్నే పట్టుకోవాలి. అప్పు నిజంగానే తీరింది కాబట్టి ధర తగ్గదు. ఒప్పందం రోజు వాయిదా పడుతుంది, లేదంటే ఛార్జ్ తొలగేదాకా కొంత సొమ్ము అట్టే పెడతామంటారు.

తర్వాతిది ఉద్యోగుల బకాయిలు. ఇక్కడ అడిగేది జీతాల రిజిస్టర్, పీఎఫ్ చలాన్లు, గ్రాట్యుటీ లెక్క. జీతం బాకీ లేదు కాబట్టి బకాయిలేమీ లేవని యజమాని గట్టిగా నమ్ముతారు. చాలా చిన్న కంపెనీల పుస్తకాల్లో గ్రాట్యుటీకి కేటాయింపే ఉండదు, మనిషి మానేసినప్పుడు ఇచ్చేస్తుంటారు. వాటాలు అమ్మినా కార్మికులు అదే కంపెనీలో ఉంటారు, వాళ్ల పాత సర్వీసు ఎక్కడికీ పోదు. ఆ సర్వీసుకు గ్రాట్యుటీ చెల్లించాల్సింది రేపటి యజమాని. అందుకే కొనేవాళ్లు దీన్ని అప్పుతో సమానంగా చూసి ధరలోంచి తీసేయమంటారు.

లెక్క ఆయన ఎదుటే వేయండి. చివరి వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్, డీఏ కలిపి 15,600 రూపాయలనుకుంటే ఏడాదికి 9,000 వస్తుంది. సగటున పదేళ్ల సర్వీసు వేసుకుంటే తలకు 90,000, మొత్తం 38 మందికి 34.20 లక్షలు. ఇది చేతిలెక్క. అసలు అంకె ఇవ్వాల్సింది యాక్చువరీ. పైగా 2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక వేతనం నిర్వచనం మారింది. అలవెన్సుల రూపంలో జీతం ఎక్కువగా ఇస్తున్న కంపెనీలో అంకె ఇంకా పెరగొచ్చు. అయితే బేరానికి ఒక దారి ఉంది. గ్రాట్యుటీ చెల్లించినప్పుడు కంపెనీకి అది ఖర్చు కింద వచ్చి ఆదాయపన్ను తగ్గుతుంది. 25 శాతం పన్ను అనుకుంటే 8.55 లక్షలు మిగులుతుంది కాబట్టి, ధరలోంచి తీస్తే 25.65 లక్షలే తీయాలని అడగొచ్చు. ఈ మాట కొనేవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు. మీరు లెక్క వేసి ఆడిటర్ గారి ముందు పెడితే, అడగాలో వద్దో ఆయన చూసుకుంటారు.

పీఎఫ్ చలాన్లలో కట్టారా లేదా అన్నదాంతో పాటు తేదీ కూడా చూడాలి. ఉద్యోగి జీతంలో కోసిన వాటా తర్వాతి నెల 15లోగా జమ కావాలి. రెండు రోజులు ఆలస్యమైనా ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపడానికి వీల్లేదని 2022లో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. డబ్బుకు ఇబ్బందైన నెలల్లో ఆలస్యంగా కట్టిన చలాన్లు ఉంటే ఆ ఏళ్ల పన్ను లెక్క మళ్లీ చూడాల్సి వస్తుంది. మీరు నెలవారీగా ఒక పట్టిక వేసిపెట్టండి: ఏ నెల, ఎంత, ఏ తేదీన కట్టారు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది నోటీసులు, వివాదాల దగ్గర. "మనకు కోర్టు కేసులేం లేవమ్మా, లేవని రాసెయ్" అంటారు యజమాని. ఆయన అబద్ధం చెప్పడం లేదు. వివాదం అంటే కోర్టు మెట్లెక్కడం అనే ఆయన లెక్క. చెక్‌లిస్ట్ అడిగేదేమో షోకాజ్ నోటీసులు, పన్ను డిమాండ్లు, కార్మికుల ఫిర్యాదులు, అన్నీ. జీఎస్టీ లాగిన్ ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర ఉంటుంది. చాలాచోట్ల నమోదైన మెయిలు, ఫోను నంబరు కూడా ఆయనవే. కన్సల్టెంట్ మారినా నంబరు మారదు. పోర్టల్‌లో View Additional Notices/Orders అనే చోట రెండేళ్ల కిందటి DRC-01, దాని వెనకే DRC-07 కూర్చుని ఉంటాయి. మొదటిది నోటీసు, రెండోది జవాబు రాలేదని పన్ను ఖరారు చేసిన ఆర్డరు. అప్పీలుకు గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో నెల. అదీ దాటిపోతే సంగతి వకీలు దాకా వెళ్తుంది. కాబట్టి వివాదాల గురించి యజమానిని అడిగే ముందే ఆయన అనుమతితో లాగిన్ తీసుకుని అన్ని ట్యాబ్‌లూ మీ కళ్లతో చూడండి.

చూడకుండా 'నిల్' అని రాస్తే ఏమవుతుంది? ఆ జవాబు చెక్‌లిస్ట్‌లోనే ఆగిపోదు. వాటాల కొనుగోలు ఒప్పందంలో యజమాని ఇచ్చే హామీగా మారుతుంది. ఆర్నెల్ల తర్వాత డిమాండ్ బయటపడితే కొనేవాళ్లు ఆయన మీద పరిహారానికి వస్తారు, అట్టే పెట్టిన సొమ్ములోంచి మినహాయించుకుంటారు. ముందే చెప్పి డిస్‌క్లోజర్ లెటర్‌లో చేర్పిస్తే సాధారణంగా ఆ హామీ తప్పిందన్న వాదన నిలవదు. దాని బదులు ఆ ఒక్క డిమాండ్‌కు ప్రత్యేక పూచీ అడుగుతారు. ఆ మొత్తం ఎంతో ముందే తెలుసు, పరిమితి కూడా బేరమాడుకోవచ్చు. మీ పట్టికలో ఉండాల్సిన జవాబులు 'ఉంది', 'మనకు వర్తించదు', 'వెతికాం, లేదు', 'ఇంకా వెతుకుతున్నాం'. నాలుగూ వేరువేరు. కాగితం కనపడనప్పుడు వర్తించదని రాయడం కొత్తవాళ్లకు మహా తేలిగ్గా అబ్బే అలవాటు.

ఇంకో జాగ్రత్త. పుణె సంస్థది కూడా ఇదే వ్యాపారం. ఏ కస్టమర్‌కు ఏ రేటుకు ఇస్తున్నారో తెలిపే జాబితా మొదట్లోనే ఇచ్చేస్తే, బేరం తప్పిన మర్నాడు అది పోటీదారు చేతిలో ఉంటుంది. కస్టమర్-1, కస్టమర్-2 అని పేర్లు కప్పి, అసలు పేర్లు ఒప్పందం దగ్గర పడ్డాక ఇవ్వొచ్చా అని మీ సీనియర్‌ను అడగండి. ఫ్యాక్టరీ స్థలం ఎవరి పేరున ఉందో కూడా కనుక్కోండి. యజమాని భార్య పేరున ఉంటే వాటాలు అమ్మినంత మాత్రాన స్థలం వెళ్లదు. దానికి విడిగా అమ్మకమో, రిజిస్టర్ చేసిన లీజో కావాలి. ఆవిడ కూడా ఆ మాట మొదటే వినాలి.

హామీల భాష, పరిహారం పరిమితులు, పన్ను ప్లానింగ్ మీ పని కాదు. యజమాని ఎంత చనువుగా "నువ్వు చెప్పమ్మా, సంతకం పెట్టమంటావా?" అని అడిగినా, "అది లాయరు గారు చూడాలండీ" అనే చెప్పాలి.

ఈ పనికి ఇంటి దగ్గరే సాధన చేయొచ్చు. తెలిసినవాళ్ల కంపెనీ ఒకటి ఎంచుకుని వాళ్ల అనుమతితో మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఎంసీఏలోని ఛార్జీల జాబితా, పీఎఫ్ చలాన్లు పక్కపక్కన పెట్టండి. ఒకచోట ఉండి ఇంకోచోట లేనివి గుర్తించి ఒక పేజీలో తెలుగులో రాయండి. కంపెనీ పేరు, అంకెలు మార్చేసిన ఆ పేజీని ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. ట్రాన్సాక్షన్ పనులు చేసే ఆఫీసులో, "గ్రాట్యుటీని అప్పుగా ఎందుకు చూస్తారో మా నాన్నకు చెప్పినట్టు చెప్పు" అని అడిగితే, జవాబు మొదలుపెట్టడానికి అది మీ చేతిలో ఉంటుంది.