నాలుగు ఉద్యోగాలను ఒక వరుసలో చూపడం ఎలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. ఆరేళ్లలో నాలుగు ఉద్యోగాలు మారాను: ఆక్వా ల్యాబ్, రొయ్యల మేత కంపెనీ, అయిదు నెలలు బంధువుల షాపు, ఇప్పుడు ప్రాసెసింగ్ ప్లాంటు. కాకినాడలో ఒక ఎగుమతి సంస్థకు క్వాలిటీ ఉద్యోగం కోసం దరఖాస్తు పెడితే, ఇన్ని మార్పులెందుకో రాసి పంపమన్నారు. ఏం రాయను?

జవాబు: ఎందుకు మానేశారో చెబుతూ మొదలుపెట్టకండి. ఒక్కో చోట మీ చేతికి కొత్తగా వచ్చిన పనేమిటో రాయండి. మీ వరుస నిజానికి బాగుంది. ఇలా రాయొచ్చు:

“ల్యాబులో చెరువు నీటి ఉప్పదనం, అమ్మోనియా పరీక్షలు నేర్చుకున్నాను. మేత కంపెనీలో ఆ ఫలితాలు చూసి రైతులకు మేత మోతాదు చెప్పాను. ప్లాంటులో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు చూస్తున్నాను. చెరువు దగ్గర జరిగే పొరపాటు ప్లాంటులో ఎలా బయటపడుతుందో నాకు తెలుసు.”

ఈ చివరి వాక్యమే మీ బలం. ఒకేచోట ఆరేళ్లు ఉన్నవారు దీన్ని రాయడం కష్టం.

షాపు ఈ వరుసలో ఇమడదు, ఇరికించొద్దు. “కుటుంబ అవసరం కోసం అయిదు నెలలు ఈ రంగానికి దూరంగా ఉన్నాను” అంటే చాలు. దాచితే మాత్రం చిక్కే. పీఎఫ్ రికార్డులో చేరిన, మానిన తేదీలుంటాయి. ఖాళీ అక్కడ కనబడిపోతుంది. అందుకే తేదీలు నెలలతో సహా ఇవ్వండి.

రాశాక ఒక్కో ఉద్యోగం కొట్టేసి చదవండి. తర్వాతి ఉద్యోగం అది లేకుండానే వచ్చేదనిపిస్తే, అక్కడ నేర్చుకున్నదేమిటో మీరింకా స్పష్టంగా రాయలేదన్నమాట.

మళ్లీ వెళ్లిపోతారేమోనన్నది వాళ్ల అసలు భయం. ఆ సంస్థలో వచ్చే మూడేళ్లలో ఏ బాధ్యత వరకు ఎదగాలనుకుంటున్నారో పేరుపెట్టి రాసి ఉత్తరం ముగించండి.