తీసేసి లెక్కపెట్టు!

ఒక చిన్న చిక్కుప్రశ్నతో మొదలుపెడదాం. ఒక సంచి నిండా గోలీలున్నాయి. ప్రతి గోలీ బరువూ సరిగ్గా 5 గ్రాములు. సంచిలో ఉన్న గోలీలన్నీ కలిపి 200 గ్రాములు తూగాయి. ఇప్పుడు మీ స్నేహితుడు అందులోంచి ఎర్ర గోలీలన్నీ తీసి జేబులో వేసుకున్నాడు. ఎన్ని తీశాడో చెప్పడు. మిగిలినవాటిని తూస్తే 170 గ్రాములున్నాయి. ఎర్ర గోలీలు ఎన్ని?

మీరు వెంటనే చెప్పేస్తారు. తగ్గిన బరువు 30 గ్రాములు. దాన్ని 5తో భాగిస్తే 6. ఎర్ర గోలీలు ఆరు. మీరు వాటిని చూడలేదు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టనూ లేదు. అవి పోయాక ఎంత తగ్గిందో చూశారు, అంతే!

కంప్యూటరులో ఎక్సెల్, లిబ్రె ఆఫీస్ కాల్క్ వంటి లెక్కల షీట్లలో ఒక గడిలో ఎన్ని మాటలున్నాయో, ఒక అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో తెలుసుకోవటానికి ఇదే ఉపాయం వాడతారు. అక్కడ తక్కెడ పని చేసేది LEN అనే ప్రమేయం. గడిలో ఎన్ని గుర్తులున్నాయో అది చెబుతుంది. గోలీలు తీసే స్నేహితుడి పని చేసేది SUBSTITUTE అనే ప్రమేయం. ఒక గుర్తు స్థానంలో మరో గుర్తు పెట్టటం దాని పని. బదులుగా ఏమీ పెట్టవద్దంటే, అంటే "" అని రాస్తే, ఆ గుర్తును తీసేసినట్టే. భయపడకండి, అసలు గడిలోని రాత చెరిగిపోదు. సూత్రం రాసిన గడిలో మాత్రమే ఈ తీసివేత జరుగుతుంది.

ఇప్పుడు A2 అనే గడిలో ఈ వాక్యం రాయండి: కాకి కొమ్మ మీద కూర్చుంది. చివర చుక్క పెట్టకండి. పక్కనున్న గడుల్లో ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సూత్రం రాసి చూడండి.

```
=LEN(A2)
=LEN(SUBSTITUTE(A2," ",""))
```

మొదటిది 24 అంటుంది. రెండోది మాటల మధ్య ఖాళీలన్నీ తీసేసి కొలిచి 21 అంటుంది. తగ్గినవి మూడు. అంటే వాక్యంలో మూడు ఖాళీలున్నాయి. మరి మాటలెన్ని? నాలుగు గుంజలు వరసగా పాతితే వాటి మధ్య సందులు మూడే కదా! అలాగే ఖాళీల సంఖ్యకు ఒకటి కలిపితే మాటల సంఖ్య వస్తుంది. రెండు సూత్రాలనూ కలిపి ఒక్కటిగా ఇలా రాస్తారు.

```
=LEN(A2)-LEN(SUBSTITUTE(A2," ",""))+1
```

జవాబు 4. సరిపోయింది. కాని ఈ సూత్రాన్ని కళ్ళు మూసుకుని నమ్మితే ఒకరికి అన్యాయం జరగవచ్చు. ఎలాగో చూడండి.

ఒక బడిలో వ్యాసరచన పోటీ పెట్టారనుకోండి. వ్యాసం నూరు మాటలకు మించకూడదని నియమం. ఒక అమ్మాయి 96 మాటల్లోనే రాసింది. అయితే కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వాక్యం పూర్తయిన చోటల్లా ఖాళీ మీటను రెండుసార్లు నొక్కింది. అలా ఏడు ఖాళీలు అదనంగా పడ్డాయి. మన సూత్రం మాటలను చూడదు, ఖాళీలను మాత్రమే చూస్తుంది. కనుక 96కు 7 కలిపి 103 అంటుంది. పాపం, ఆ అమ్మాయి వ్యాసం పోటీలోంచి తప్పిపోతుంది!

మన కాకి వాక్యంతోనే దీన్ని పరీక్షించవచ్చు. మొదట ఒక ఖాళీ, చివర ఒక ఖాళీ, 'కాకి' తరవాత ఒక ఖాళీ అదనంగా పెట్టండి. ఇప్పుడు మొత్తం 27 గుర్తులు. ఖాళీలు తీసేస్తే మళ్ళీ 21. తేడా 6, ఒకటి కలిపితే 7. నాలుగు మాటల వాక్యం ఏడు మాటలదై కూర్చుంది.

దీనికి మందు TRIM అనే ప్రమేయం. అది మొదట్లోనూ చివరా ఉన్న ఖాళీలను కత్తిరిస్తుంది. మాటల మధ్య ఎన్ని ఖాళీలున్నా ఒక్కటే ఉంచుతుంది. గడిలో అదనపు ఖాళీలున్నాయో లేదో తెలుసుకోవటం కూడా తేలికే. TRIM చేయకముందు LEN ఎంతో, చేశాక LEN ఎంతో చూడండి. రెండూ ఒకటే అయితే అదనపు ఖాళీలు లేవన్నమాట.

మరో చిక్కు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఎక్సెల్‌లో ఒకే గడిలో మూడు పేరాలు రాయటానికి Alt మీట పట్టుకుని Enter నొక్కుతారు. అలా చేసినప్పుడు రెండు పేరాల మధ్య పడేది ఖాళీ కాదు, 'కొత్త వరస' అనే వేరే గుర్తు. మన సూత్రానికి అది ఖాళీగా కనిపించదు. కాబట్టి ఒక పేరా చివరి మాటనూ, తరవాతి పేరా మొదటి మాటనూ కలిపి ఒకే మాటగా లెక్కవేస్తుంది. మూడు పేరాల వ్యాసంలో రెండు మాటలు తక్కువ వస్తాయి. 102 మాటలు రాసినవాడు 100 రాసినట్టు దర్జాగా గట్టెక్కుతాడు!

ఈ కొత్త వరస గుర్తును సూత్రంలో CHAR(10) అని రాస్తారు. ముందుగా దాని స్థానంలో ఖాళీ పెట్టి, ఆ తరవాత TRIM చేయాలి. అందుకని పనిని రెండు గడులకు పంచుదాం. B2లో శుభ్రం చేసే సూత్రం, C2లో లెక్కపెట్టే సూత్రం.

```
=TRIM(SUBSTITUTE(A2,CHAR(10)," "))
=IF(B2="",0,LEN(B2)-LEN(SUBSTITUTE(B2," ",""))+1)
```

రెండో సూత్రంలో IF ఎందుకని అడుగుతారేమో! గడి ఖాళీగా ఉంటే తేడా సున్న. దానికి ఒకటి కలిపితే 1. అసలేమీ రాయనివాడు కూడా ఒక మాట రాసినట్టు లెక్క వస్తుంది. అలా రాకుండా ఆపటానికే IF.

ఇంత చేసినా సూత్రం దృష్టిలో మాటంటే రెండు ఖాళీల మధ్య ఉన్నది, అంతే. 'చేస్తూ ఉన్నాడు' అని రాస్తే రెండు మాటలు, 'చేస్తున్నాడు' అని రాస్తే ఒక్కటే. ఇటూ అటూ ఖాళీ వదిలి మధ్యలో ఒక అడ్డగీత గీస్తే ఆ గీత కూడా ఒక మాటే! అందుకని హద్దుకు ఒకటి రెండు మాటలు అటూ ఇటూ ఉన్న వ్యాసాలను మనిషి కూడా ఒకసారి చదివి చూడటం మంచిది.

ఇక అక్షరాలను లెక్కపెట్టే సంగతి. మొదట ఇంగ్లీషు మాట తీసుకుందాం. A3లో Amalapuram అని రాసి, అందులో a ఎన్నిసార్లు ఉందో అడగండి.

```
=LEN(A3)-LEN(SUBSTITUTE(A3,"a",""))
```

ఇక్కడ ఒకటి కలపనక్కర లేదు. మనకు కావలసింది గుంజల లెక్క కాదు, తీసేసినవాటి లెక్క. జవాబు 3 వస్తుంది. చేత్తో లెక్కపెడితే నాలుగున్నాయే! కారణం ఏమిటంటే SUBSTITUTE పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేరువేరుగా చూస్తుంది. మొదటి A పెద్దది కనుక దాన్ని ముట్టుకోలేదు. లోపల A3కు బదులు LOWER(A3) అని రాస్తే అన్నీ చిన్న అక్షరాలై 4 వస్తుంది.

తెలుగులో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ లేవు కాబట్టి ఆ బాధ లేదు. కాని ఇంతకంటె వింతైన సంగతి ఒకటుంది. కాకి వాక్యాన్ని అదనపు ఖాళీలు లేకుండా మళ్ళీ A2లో పెట్టి, అందులో 'క' ఎన్నిసార్లు వచ్చిందో అడగండి.

```
=LEN(A2)-LEN(SUBSTITUTE(A2,"క",""))
```

జవాబు 4! వాక్యాన్ని మళ్ళీ చదవండి. కాకి కొమ్మ మీద కూర్చుంది. తలకట్టుతో ఉన్న 'క' ఒక్కటైనా కనబడిందా? లేదు. మరి ఆ నాలుగూ ఎక్కడివి?

కంప్యూటరు తెలుగును దాచుకునే పద్ధతిలో ఉంది ఇందులోని కిటుకు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ పద్ధతిలో హల్లుకు ఒక సంకేతం, దానికి తగిలించే గుణింతపు గుర్తుకు మరో సంకేతం ఉంటాయి. పొల్లుకూ, సున్నకూ కూడా విడి సంకేతాలున్నాయి. తలకట్టుకు మాత్రం వేరే సంకేతం లేదు. అది హల్లులోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి మనం 'కా' అని ఒకే అక్షరం చూస్తున్నచోట కంప్యూటరుకు 'క', దీర్ఘం అని రెండు గుర్తులు కనిపిస్తాయి. 'కొమ్మ' మనకు రెండక్షరాలే. దానికి మాత్రం క, ఒత్వం, మ, పొల్లు, మ అని ఐదు. నాలుగు మాటల ఈ చిన్న వాక్యం పొడవు 24 ఎలా అయిందో ఇప్పుడు అర్థమైందా?

కనుక 'క'ను తీసెయ్యమంటే SUBSTITUTE కా, కి, కొ, కూ అన్నింటి లోపలినుంచీ 'క'ను లాగేస్తుంది. గుణింతపు గుర్తులు ఒంటరిగా మిగిలిపోతాయి. అంటే మనకు దొరికింది 'క' అనే అక్షరం లెక్క కాదు, క గుణింతం మొత్తం లెక్క.

మరి 'కా' మాత్రమే కావాలంటే? "క" ఉన్నచోట "కా" అని రాయండి. 24 గుర్తుల్లో 22 మిగులుతాయి. తేడా 2. అయితే 'కా'లు రెండున్నాయా? లేవు, ఒక్కటే. ఇక్కడే గోలీల లెక్కలోని భాగహారం గుర్తుకు రావాలి. ఒక్కో గోలీ 5 గ్రాములైనట్టే ఒక్కో 'కా' 2 గుర్తులు. తేడాను 2తో భాగించాలి. ఆ రెండును మనం చెప్పనక్కర లేకుండా LEN చేతనే చెప్పించవచ్చు.

```
=(LEN(A2)-LEN(SUBSTITUTE(A2,"కా","")))/LEN("కా")
```

జవాబు 1. వెదికేది ఎంత పొడవున్నా, ఒక మాటయినా సరే, ఈ సూత్రం పనిచేస్తుంది.

ఇప్పుడు మీ వంతు. ఒక గడిలో 'అమ్మమ్మ' అని రాయండి. మనకు అది మూడక్షరాల మాట. కంప్యూటరుకు ఎన్ని గుర్తులో, అందులో 'మ' ఎన్నిసార్లుందో, 'మ్మ' ఎన్నిసార్లుందో ముందుగా కాగితం మీద వేసుకుని, తరవాత సూత్రంతో సరిచూసుకోండి. మీ జవాబులు వరసగా 7, 4, 2 అయితే లెక్క కుదిరినట్టే. 'మ్మ' విషయంలో 6 వచ్చిందా? అయితే భాగహారం మరిచిపోయారన్నమాట!