దర్జీ పనివారికి యూనిఫారాల ఆర్డరు

ఒక్కో చొక్కా కొలిచి, కత్తిరించి, కుట్టే దర్జీ సంపాదన ఆయన రెండు చేతుల దగ్గరే ఆగిపోతుంది. దానిని దాటించే దారి ఒకటుంది. అది బడి యూనిఫారాల ఆర్డరు.

మార్చిలోనే పిల్లల ఛాతీ కొలతలు తీసుకొని, రెండేసి అంగుళాల తేడాతో సైజులుగా విడదీయండి. సైజుకొక అట్ట నమూనా చాలు. బట్ట కోసేముందు మాత్రం మీటరు ముక్కను ఉతికి, ఆరవేసి, మళ్లీ కొలవండి. మూడు సెంటీమీటర్లు తగ్గిందా, ఆ మేరకు కొలత పెంచాలి. ఇందుకు బద్ధకించినవారే జూన్‌లో తల్లులచేత మాటలు పడతారు!

ఇక లెక్క. బట్ట బడివారిదే. ఒక్కొక్కటి 180 రూపాయలకు వంద చొక్కాలు ఒప్పుకున్నారనుకోండి. ఇంట్లో మిషనున్న ఇద్దరు స్త్రీలకు చొక్కాకు కుట్టుకూలి 90, కాజాలకు 15, దారం, బక్రం, గుండీలకు 25, ఇస్త్రీకి 10. మొత్తం 140. మిగిలిన 40 చొప్పున నాలుగు వేలు మీ కటింగుకు, బాధ్యతకు. కాలరు తేడావచ్చి పది చొక్కాలు తిరిగివస్తే ఇందులో మూడోవంతుకు పైగా పోతుంది. అందుకే మొదట ఒక్క చొక్కా కుట్టి, హెడ్మిస్ట్రెస్‌గారి సంతకం తీసుకొన్నాకనే మిగతావి కోయండి.

అసలు చిక్కు లాభంలో కాదు, చేతిలో డబ్బు లేకపోవడంలో ఉంది. బడి బిల్లు ఆలస్యమైనా కుట్టినవారి కూలి శనివారానికి ఇచ్చితీరాలి. సగం అడ్వాన్సు, అంటే 9,000 తీసుకొన్నా ఇంకా 5,000 మీరే పెట్టుకోవాలి. అది చేతిలో లేకుంటే ఈ ఏడు యాభై చొక్కాలే ఒప్పుకోండి.