పవర్ బ్యాంకు లెక్క వాట్ అవర్లలోనే

ప్రశ్న: అమెరికా విమాన ప్రయాణంలో 30,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును వెంట తీసుకెళ్లవచ్చా? ఇక్కడి ఛార్జర్లు అక్కడ పనిచేస్తాయా?

జవాబు: విమానయాన నిబంధనలు బ్యాటరీని ఎంఏహెచ్‌లో కాక, అందులో నిల్వ ఉండే మొత్తం శక్తిని తెలిపే వాట్ అవర్లలో కొలుస్తాయి. ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి, లిథియం సెల్ వోల్టేజీ అయిన 3.7తో గుణిస్తే ఆ విలువ వస్తుంది. యూఎస్‌బీ ద్వారా బయటికి వచ్చే 5 వోల్టులతో గుణించడం పలువురు చేసే పొరపాటు. ఈ లెక్కన 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లై 100 పరిమితికి లోబడుతుంది గాని, 30,000ది 111కు చేరుతుంది కనుక దానికి విమాన సంస్థ ముందస్తు అనుమతి అవసరం. 160 దాటినదానిని ప్రయాణికుల సామానులో అసలే అనుమతించరు. వివరాలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును భద్రతా సిబ్బంది నిలిపివేయవచ్చు.

ఏ పవర్ బ్యాంకైనా చేతిసంచిలోనే ఉండాలి, ఎందుకంటే లిథియం సెల్ వేడెక్కి అంటుకుంటే క్యాబిన్‌లో సిబ్బంది వెంటనే గమనించి ఆర్పగలరు. చోటు చాలక ఆ సంచిని విమానం ద్వారం వద్ద సామాను అరకు పంపవలసి వస్తే, పవర్ బ్యాంకును ముందుగా బయటికి తీసుకోవాలి.

ఛార్జర్‌పై ఇన్‌పుట్ 100–240 వోల్టులని ఉంటే ప్లగ్ ఆకారాన్ని మార్చే అడాప్టర్ చాలు. అది వోల్టేజీని మార్చదు కాబట్టి, 230 వోల్టుల మిక్సీ మాత్రం అమెరికాలోని 120 వోల్టులకు నీరసంగానే తిరుగుతుంది.