పిల్లికూన ఇంటికొస్తే మన చేతికి నేర్పాల్సిన అలవాటు

మా పిల్లికూనకు అప్పుడు నాలుగో నెల. ఒక ఆదివారం చీరకు ఫాల్ కుట్టి, మిగిలిన మూరెడు దారం తుంచి మంచం మీదే వదిలేశాను. తర్వాత తీద్దామనుకుని మరిచిపోయాను. సోమవారం పొద్దున కూన అన్నం ముట్టలేదు, తాగిన నీళ్లు కక్కేసింది. మధ్యాహ్నానికి మంచం కింద మూలకు చేరి ముడుచుకుంది.

వెటర్నరీ డాక్టరు దాని దవడ కింద బొటనవేలితో నొక్కి, నాలుకను పైకి లేపి చూశారు. నాలుక మొదట్లో దారం ఉచ్చులా బిగిసి ఉంది. రెండో కొస పేగుల్లోకి దిగిపోయింది. ఆపరేషన్ చేసి తీయాల్సి వచ్చింది. కూన బతికింది.

పిల్లి నాలుక మీద గరుకైన ముళ్లుంటాయి, అవన్నీ గొంతువైపే వంగి ఉంటాయి. అందుకే నోట్లో పడ్డ దారాన్ని కూన ఉమ్మలేదు, మింగుతూనే ఉంటుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుంటే, మిగతా దారాన్ని పేగు ముందుకు నెట్టాలని చూస్తుంది. దారం కదలదు. లంగా బొందు లాగితే కుచ్చులు పడ్డట్టు పేగే దారం మీదికి ముడుచుకుంటుంది. బిగిసిన దారం చివరికి పేగు గోడను కోసేస్తుంది.

దారం ముట్టొద్దని కూనకు నేర్పలేం. కాబట్టి నా చేతికి ఒక అలవాటు నేర్పుకున్నాను: తెంపిన చెయ్యే డబ్బాలో వెయ్యాలి, మధ్యలో ఎక్కడా దించకూడదు.

దారం: డబ్బా ముందు, కత్తెర తర్వాత

కుట్టడానికి కూర్చునే ముందే బిగుతు మూత ఉన్న డబ్బా పక్కన పెట్టుకోండి. తుంచిన ప్రతి ముక్కా అందులోకే. మూతలేని చెత్తబుట్ట పనికిరాదు, కూన అందులోంచి లాక్కుంటుంది. దేవుడి పటానికి వేసి వాడిపోయిన పూలదండ, మిఠాయి పెట్టెకు కట్టిన దారం, సంక్రాంతి మాంజా, అన్నిటికీ ఇదే దారి. తాడు కట్టిన ఆటబొమ్మతో మీరు పక్కనుండి ఆడించండి, ఆట అయ్యాక బీరువాలో పెట్టేయండి.

రబ్బర్లు: లెక్కపెట్టండి

టిఫిన్ పార్శిల్‌లో చట్నీ పొట్లానికి వేసిన రబ్బరు బ్యాండుకు తిండి వాసన అంటుకుని ఉంటుంది. కూనకు అది మరీ ఇష్టం. పొట్లం విప్పిన చోటే డబ్బాలో వేయండి. జడ రబ్బర్లు రాత్రి తలగడ పక్కన చేరతాయి. ఇవి పొట్టలో ఒకటొకటిగా పోగుపడి, పేగుకు అడ్డం పడొచ్చు. మా ఇంట్లో జడ రబ్బర్లు ఆరే. పడుకునే ముందు మా అమ్మాయి లెక్కపెడుతుంది. ఒకటి తగ్గితే మంచం జరిపి వెతుకుతాం, దొరక్కపోతే కూన తిండిని గమనిస్తాం.

తీగలు: స్విచ్‌తో ఆగకండి

మూడో నెల నుంచి ఆరో నెల వరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. చిగుళ్ల దురదకు కూన ఏదైనా కొరుకుతుంది. మన ఇళ్ల కరెంటు 230 వోల్టులు. ఫోను తీశాక చార్జరును కూడా ప్లగ్ నుంచి పీకేయండి. ఫ్రిజ్, టీవీ తీగల్లాంటివి పీకలేం గనక వాటిని పీవీసీ పైపులో దూర్చండి.

కూన తీగ కొరికి పడిపోతే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే ముట్టుకోండి. లేచి మామూలుగా తిరుగుతున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. నోరు కాలి ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది. నిద్రలో శ్వాస నిమిషానికి 30 దాటినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా క్షణం ఆగకండి.

దారం మింగితే

నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు. లోపల బిగిసిన పేగు తెగుతుంది. కక్కించడానికి ఉప్పునీళ్లు, జారుతుందని నూనె పట్టొద్దు. మింగడం చూస్తే లక్షణాల కోసం కాచుకోకుండా వెంటనే బయల్దేరండి. చూడకపోయినా, తిండి మాని పదేపదే కక్కుతుంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఎక్స్‌రేలో దారం నేరుగా కనపడదు. అందుకే ఇంట్లో ఏది తగ్గిందో డాక్టరుకు చెప్పగలగాలి. "ఏం మింగిందమ్మా?" అని ఆ రోజు డాక్టరు అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోజూ రాత్రి పెట్టే లెక్క ఆ జవాబు కోసమే.